కొడుకు సంతకం పెడతానంటున్నాడు, తల్లి వద్దంటోంది

ప్రశ్న: సర్, నేను జిల్లా ఆసుపత్రిలో జనరల్ సర్జరీ పీజీ, రెండో సంవత్సరం. మా వార్డులో 61 ఏళ్ల పెద్దావిడ ఉంది. పదిహేనేళ్లుగా షుగర్, కుడి పాదం నల్లబడి కుళ్లింది. మోకాలి కింద తీసేయాలని యూనిట్‌లో నిర్ణయించారు. ఆవిడ "చస్తే చస్తాను, కాలు మాత్రం ముట్టుకోవద్దు" అంటోంది. పగలు బాగానే మాట్లాడుతుంది కానీ, రాత్రయ్యేసరికి జ్వరంతో మగతగా, తికమకగా ఉంటోంది. కొడుకు సంతకం పెట్టడానికి రెడీ. "మత్తుగా ఉన్నప్పుడు కొడుకు సంతకంతో చేసేద్దాం, ప్రాణం దక్కుతుంది కదా" అంటున్నారు మా సీనియర్. ఆవిడకి బాగా చదువు లేదు, అర్థమై అంటోందో మొండితనంతో అంటోందో తెలియడం లేదు. నేనేం చేయాలి? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వద్దు. ఆవిడ మగతలోకి జారేదాకా కాచుకుని ఆపరేషన్ చేయకండి. పగలు తెలివిగా ఉన్నప్పుడు చెప్పిన మాట రాత్రి జ్వరం రాగానే చెల్లకుండా పోదు. కొడుకు సంతకం ఆ మాటను కొట్టేయలేదు. అలాగని ఇవాళే ఒక కాగితం మీద "ఆపరేషన్ నిరాకరించారు" అని రాయించుకుని ఇంటికి పంపేయడం కూడా సరికాదు. ఈ రెండింటికీ మధ్య చేయాల్సిన పని చాలా ఉంది, అదీ ఒకటి రెండు రోజుల్లోనే.

ముందు ఆ సంతకం సంగతి. తల్లిదండ్రులకి పిల్లలు, భార్యకి భర్త సంతకం పెట్టేస్తే చాలన్న అలవాటు మన వార్డుల్లో గట్టిగా పాతుకుపోయింది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలో కన్సెంట్ గురించిన వాక్యమే కాస్త వదులుగా ఉంది. భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు, లేదా రోగి, ఎవరి దగ్గరైతే వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోమంటుంది. చదివినవాళ్లు తమకి తోచినట్టు అర్థం చెప్పుకున్నారు. ఆ సందిగ్ధం తీర్చింది సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన సమీరా కోహ్లీ కేసు తీర్పు. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత రక్తస్రావం తగ్గడం లేదని ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ల్యాపరోస్కోపీతో లోపల చూడటానికి ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. డాక్టర్ రోగి మేలు కోరే చేశారని కోర్టు ఒప్పుకుంది. అయినా ఆ కన్సెంట్ చెల్లదంది. రోగి మేజర్, మత్తు కాసేపటిదే, ఆగి లేచాక అడిగితే ప్రాణానికి వచ్చే ముప్పేమీ లేదు, కాబట్టి తల్లి సంతకానికి విలువ లేదని తేల్చింది. ఫీజు ఇవ్వక్కర్లేదని, పైగా 25,000 రూపాయల పరిహారం కట్టాలని చెప్పింది.

మీ సీనియర్ చెప్పే "మత్తుగా ఉన్నప్పుడు" అన్న ఆలోచన దీనికంటే ఇంకో మెట్టు దిగువది. అక్కడ రోగిని అడగనేలేదు. ఇక్కడ అడిగారు, ఆవిడ వద్దన్నారు. ఎమర్జెన్సీలో అనుమతి లేకుండా మంచి ఉద్దేశంతో చికిత్స చేస్తే భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ కాపాడుతుందని ఎవరైనా అంటారు. నిజమే, పాత ఐపీసీలో అది 92వ సెక్షన్. అయితే అది రోగి తన ఇష్టం చెప్పే స్థితిలో లేనప్పటి మాట. రోడ్డు ప్రమాదంలో స్పృహ లేకుండా తెచ్చిన మనిషికి వర్తిస్తుంది. నిన్న మీ కళ్లలోకి చూసి వద్దని చెప్పిన మనిషికి వర్తిస్తుందనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. ప్రాణం నిలిపే చికిత్సనైనా సరే, తెలివిలో ఉన్న మేజర్ కాదనవచ్చని 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది.

మీ పేషెంట్ లాంటి కేసే ఇంగ్లండ్‌లో 1993లో కోర్టుకెక్కింది. బ్రాడ్‌మూర్ అనే మానసిక చికిత్సాలయంలో ఉన్న 68 ఏళ్ల ఆయనకి పాదం కుళ్లింది. కాలు తీయకపోతే బతికే అవకాశం 15 శాతమే అన్నారు సర్జన్లు. ఆయన ఒప్పుకోలేదు. పైగా ఆయనకి స్కిజోఫ్రేనియా, తానో ప్రపంచ ప్రసిద్ధ వైద్యుణ్ణని నమ్మకం. జడ్జి ఏమన్నారంటే, జబ్బు ఉండటం వేరు, ఈ ఒక్క నిర్ణయం తీసుకునే శక్తి లేకపోవడం వేరు. తన పాదం గురించి చెప్పింది ఆయన విని గుర్తుపెట్టుకున్నాడు, నమ్మాడు, లాభనష్టాలు బేరీజు వేసుకున్నాడు, అది చాలన్నారు. ఆయన రాసి ఒప్పుకుంటే తప్ప ఇప్పుడే కాదు, ఇకముందు కూడా కాలు తీయకూడదని ఆర్డర్ ఇచ్చారు. "ఇకముందు కూడా" అన్న ఆ మాటే మీ సీనియర్‌కి జవాబు. అన్నట్టు, కాలు తీయకుండానే కుళ్లిన మేరకు శుభ్రం చేసిన చికిత్సతో ఆయన గండం గట్టెక్కాడు. మీ పేషెంట్‌కీ అలాగే అవుతుందని అనుకోకండి. మన శాతాలు శాతాలే తప్ప జాతకాలు కావని చెప్పడానికే అది రాశాను.

ఇక మీ అసలు అనుమానం, అర్థమై అంటోందా మొండితనమా అన్నది. దీనికి సైకియాట్రిస్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. వైద్యం చేస్తున్న డాక్టరే చూడొచ్చు, చూడాలి. చూడాల్సింది ఆవిడ తెలివితేటలు కాదు, చదువు కాదు. ఈ కాలు గురించి ఈ పూట నిర్ణయించుకోగలదా అన్నది. అదే మనిషి ఉదయం నిర్ణయించుకోగలదు, రాత్రి పదింటికి లేకపోవచ్చు.

అందుకని రేపు ఉదయం వెళ్లండి. దానికి ముందు రాత్రి తికమకకి కారణం వెతకండి. గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి, తగ్గినా తికమకే, బాగా పెరిగినా తికమకే. సోడియం, క్రియాటినిన్ పంపండి. ఆక్సిజన్, బీపీ చూడండి. నిద్ర కోసమో నొప్పి కోసమో రాత్రి ఇచ్చిన మందుల చార్టు ఒకసారి తిరగేయండి, ట్రమడాల్ ఎవరు ఎంత ఇచ్చారో చూడండి. ఈ రాత్రి తికమకని డెలిరియం అంటారు, అది ఎక్కువగా సరిచేయగలిగిందే. మంచం పక్కనే తెలుసుకోవడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. వారం పేర్లు వెనక నుంచి చెప్పమంటాను. శనివారం, శుక్రవారం, గురువారం అని బడికి వెళ్లనివాళ్లు కూడా చెప్తారు. డెలిరియంలో ఉన్నవాళ్లు రెండోదో మూడోదో దాటరు, లేదా సగంలో మీ ప్రశ్నే మర్చిపోయి ఫ్యాన్ వంక చూస్తారు. ఆ పూట కన్సెంట్ మాటెత్తకండి, "వద్దు" రాసుకోకండి, "సరే" కూడా రాసుకోకండి.

ఈ "సరే" దగ్గర మనం మోసపోతాం. వద్దన్నవాళ్లకే బుర్ర సరిగ్గా ఉందా అని పరీక్ష పెడతాం. మౌనంగా తల ఊపి వేలిముద్ర వేసిన ముసలాయన్ని ఎవరూ పరీక్షించరు. చాలాసార్లు అరిచేవాడికన్నా అతనే డెలిరియంలో ఉంటాడు.

ఇది నేను నేర్చుకున్న తీరు గొప్పగా ఏమీ లేదు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో అర్ధరాత్రి దాటాక ఒక రైతు చేత వేలిముద్ర వేయించాను. జ్వరంలో ఉన్నాడు, నేను చెప్పినదానికల్లా ఊఁ కొట్టాడు. ఇంకు ప్యాడ్ దొరక్క బాల్‌పెన్ను రీఫిల్ బొటనవేలికి పూసిన సంగతి కూడా గుర్తుంది. మర్నాడు సాయంత్రం తెలివొచ్చాక దుప్పటి మీద చెయ్యి కిందకీ పైకీ పోనిచ్చి పాదం కోసం తడుముకున్నాడు. బతికాడు. ఏడాది పాటు డ్రెస్సింగులకి వచ్చాడు. ఒక్కసారీ నాతో మాట్లాడలేదు, నర్సుతోనే మాట్లాడేవాడు. ఆ కేస్ షీట్‌లో కన్సెంట్ కాగితం మాత్రం నిక్షేపంలా ఉంది.

ఉదయం వెళ్లినప్పుడు కుర్చీ లాక్కుని కూర్చోండి. కొడుకుని కాసేపు టీ తాగి రమ్మనండి. తర్వాత పిలుద్దురుగాని, ముందు ఆవిడతో ఒక్కదానితో మాట్లాడాలి. కళ్లజోడు ఉంటే పెట్టించండి. "ఇన్ఫెక్షన్ స్ప్రెడ్ అయింది, బీకే చేయాలి" అన్నది మనకి చెప్పుకునే భాష. ఆవిడకి ఇలా చెప్పొచ్చు: "అమ్మా, ఈ నల్లబడ్డ చోట కండ చచ్చిపోయింది. అది మళ్లీ బతకదు. తడిగా ఉండి వాసన వస్తోంది కదా, ఆ చీము పైకి ఎక్కుతోంది. రక్తంలో కలిస్తే ప్రాణం మీదకి వస్తుంది. మోకాలి కింద దాకా తీసేస్తే అది ఆగే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌లో కూడా ప్రమాదం ఉంది, మీ గుండెకీ కిడ్నీలకీ భారం. పుండు మానకపోతే ఇంకా పైకి తీయాల్సి రావచ్చు. తీయకుండా చీము కడిగి, చచ్చిన కండ వరకూ తీసి, మందులు వాడి చూడొచ్చు. దానివల్ల ఆగకపోవచ్చు. ఏమీ చేయకపోతే కొద్ది రోజుల్లో జ్వరం పెరిగి, స్పృహ తప్పి, పోయే ప్రమాదం ఉంది."

చెప్పాల్సినవన్నీ ఇందులో వచ్చాయి. జబ్బేమిటి, ఏం చేస్తారు, ఎందుకు, దాని ముప్పు, వేరే దారి, ఏమీ చేయకపోతే ఏమవుతుంది. అయితే ఇది చెప్పే ముందు ఆ వేరే దారి నిజంగా ఉందో లేదో మీ యూనిట్‌లో తేల్చుకోవాలి. పాదంలో నాడి దొరుకుతోందా, డాప్లర్ చేశారా, రక్తనాళాల సర్జన్‌కి చూపించారా, వేళ్ల వరకూ తీస్తే సరిపోతుందా? చాలా వార్డుల్లో "ఆల్టర్నేటివ్స్ చెప్పాం" అని టిక్కు ఉంటుంది, అవేమిటో ఎవరూ ఆలోచించి ఉండరు. డబ్బు సంగతి కూడా మీరే ఎత్తండి. పథకం కింద ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకుని వెళ్లండి. ఖర్చుకి భయపడి వద్దనేవాళ్లు ఆ మాట నోరు తెరిచి చెప్పరు.

చెప్పడం అయ్యాక "అర్థమైందా" అని అడగకండి. ఆ ప్రశ్నకి మన ఊళ్లలో ఒకటే జవాబు. దాని బదులు ఇలా అడగండి: "రేపు మీ చెల్లెలు ఫోన్ చేస్తే, డాక్టర్ ఏమన్నాడని చెప్తారు?" ఆవిడ తన మాటల్లో చెప్పినదాంట్లో మూడు సంగతులు వినపడాలి. కాలికి ఏమైందో చెప్పగలగాలి. అది ఎవరికో కాదు, తనకే జరుగుతోందని తెలిసి ఉండాలి. "నల్లమరక అంతే, నూనె రాస్తే పోతుంది" అంటే విన్నారు కానీ తన సంగతిగా తీసుకోలేదు. ఆ తర్వాత, ఎందుకు వద్దంటున్నారో ఆ కారణానికీ నిర్ణయానికీ ముడి ఉండాలి. కారణం మీకు నచ్చాల్సిన పని లేదు. మానసిక చికిత్స కోసం చేసిన 2017 చట్టంలో ఒక మంచి మాట ఉంది. ఇతరులకి ఆ నిర్ణయం తప్పుగా కనిపించినంత మాత్రాన మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదనకూడదని. ఆ చట్టం మీ వార్డుకి నేరుగా వర్తించకపోయినా ఆ కొలత ఎక్కడైనా పనికొస్తుంది.

"ఎందుకు వద్దు" అని అడిగే తీరులోనే చాలా ఉంది. మందలింపులా వినపడితే ఆవిడ "నా ఖర్మ" అని గోడవైపు తిరుగుతుంది. "కాలు తీసేస్తారంటే మీకు ముందు ఏం గుర్తొచ్చింది?" అని అడిగి చూడండి. ఇలాగే అడిగితే ఒక పేషెంట్ నాకు తన పొరుగాయన గురించి చెప్పింది. ఆయనకి ముందు వేలు తీశారు, ఆర్నెల్లకి పాదం, తర్వాత మోకాలి దాకా. "ముక్కలు ముక్కలుగా పోయాడు నాయనా. ఈ ఒక్కసారితో అయిపోతుందని రాసిస్తావా?" అంది. రాసివ్వలేనన్నాను. ఆవిడ భయం మూఢనమ్మకం కాదు, ఏ సర్జన్ అయినా ఒప్పుకునే నిజం. ఇంకొకావిడకి అసలు దిగులు పెరట్లో ఉన్న మరుగుదొడ్డి. నాలుగు మెట్లు దిగి వెళ్లాలి, కోడలి చేత ఎత్తించుకోవడం కంటే చావడం నయం అనుకుంది. ఆవిడకి కృత్రిమ కాలితో నడుస్తున్న ఒకాయన్ని ఓపీ రోజున పరిచయం చేశాం, ఆయన ప్యాంటు పైకి మడిచి చూపించాడు. మూడో రోజు తనే సంతకం పెట్టింది. మొదటావిడ పెట్టలేదు. రెండు వేళ్లు తీసి చీము కడగడానికి ఒప్పుకుంది, అంతకుమించి వద్దంది. ఐదు వారాలు డ్రెస్సింగ్ చేశాం, ఇంటికి వెళ్లింది, మూడు నెలలకి ఇంట్లోనే పోయింది. ఇంకో నాలుగు రోజులు ఎక్కువ మాట్లాడి ఉంటే ఒప్పుకునేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒప్పించే ప్రయత్నం తప్పు కాదు. మీ సలహా ఏమిటో గట్టిగానే చెప్పండి, "మా అమ్మ అయితే తీయించమంటాను" అన్నా ఫర్వాలేదు, అది నిజమైతే. "సంతకం పెట్టకపోతే డిశ్చార్జి చేస్తాం" అన్న రోజున అది బెదిరింపు. నొప్పి మందు ఆలస్యం చేసినా అదే బాపతు.

తర్వాత కొడుకు సంగతి. అతను విలన్ కాదు. "కాలు తీయించలేక తల్లిని పోగొట్టుకున్నాడు" అని ఊళ్లో అంటారన్న భయం అతనిది. ఆవిడ ఇష్టపడితే అతన్ని కూర్చోబెట్టి మళ్లీ మొత్తం మాట్లాడండి. ఒక్కోసారి తల్లులే అంటారు, "నాకేం తెలుసు, మావాడు ఎలా అంటే అలా" అని. తెలివిలో ఉండి అలా అనడం ఆవిడ హక్కే. అప్పుడు కూడా, "మీ అబ్బాయి తీయించమంటున్నాడు, సరేనా?" అని ఆవిడ నోటితోనే చెప్పించుకోండి. ఇందాక వద్దన్న మనిషి కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

ఉదయం పూట, డెలిరియం లేకుండా, అన్నీ తన మాటల్లో చెప్పి కూడా వద్దంటే, మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలింది. కష్టమైనదే, దాటేయకండి. "అమ్మా, రేపు జ్వరం పెరిగి మీకు స్పృహ తప్పితే అప్పుడైనా తీయమంటారా, అప్పుడు కూడా వద్దంటారా?" కొందరు "అప్పుడు మీ ఇష్టం" అంటారు. అలా అంటే దారి తెరుచుకున్నట్టే, రాసుకోండి. "అప్పుడూ వద్దు" అంటే అదీ రాసుకోండి, కొడుకు ముందు మళ్లీ చెప్పించండి. మీ సీనియర్‌తో, చీఫ్‌తో ఆ పేజీ తెరిచి మాట్లాడండి. నోటి వాదన కన్నా కేస్ షీట్ మీద ఉన్న వాక్యం మీకు ఎక్కువ బలం.

ఎప్పుడూ తెలివిలోకి రాకపోతే ఏమిటన్నది వేరే కథ. మామూలు జబ్బుల్లో, తెలివి లేని పెద్దవాళ్ల తరఫున ఎవరు నిర్ణయించాలో వరసగా చెప్పే సమగ్ర చట్టం మనకి లేదు. అప్పుడు ఇంటివాళ్లని "మీరేమంటారు" అని కాదు, "ఆవిడైతే ఏమనేది" అని అడగాలి. మీ పేషెంట్ విషయంలో ఆ జవాబు ఇప్పటికే మీ దగ్గరుంది.

కేస్ షీట్‌లో ఆసుపత్రి అచ్చు ఫారం మీద టిక్కులు సరిపోవు. మీ చేత్తో ఇలా రాయండి: "తేదీ, ఉదయం 9.20. షుగర్ ఇంత, జ్వరం లేదు. వారాలు వెనక నుంచి తప్పు లేకుండా చెప్పారు. కుడి కాలు మోకాలి కింద తీయడం గురించి, చీము కడగడం గురించి, ఏమీ చేయకపోతే ప్రాణాపాయం గురించి తెలుగులో చెప్పాం. పేషెంట్ మాటల్లో: 'కాలు కుళ్లింది, తీయకపోతే చచ్చిపోతానన్నారు, అయినా నాకొద్దు.' కారణం ఇది. చీము కడగడానికి, యాంటీబయాటిక్స్‌కి, నొప్పి మందులకి ఒప్పుకున్నారు." ఆవిడ వేలిముద్ర, మీ యూనిట్‌కి చెందని ఒక సాక్షి సంతకం. తర్వాత మనసు మార్చుకుంటే ఫారంలో "అవసరమైన ఏ ఆపరేషనైనా" అన్న ముక్కని నమ్ముకోకండి. ఎక్కడి దాకా తీస్తారో రాయండి, థియేటర్‌లో చూశాక మోకాలి పైదాకా తీయాల్సి వస్తే సరేనా అన్నది ముందే అడిగి రాయండి.

ఆవిడ కాదన్నది ఒక్క ఆపరేషన్‌ని. డ్రెస్సింగ్, ఇన్సులిన్, నొప్పి మందు, రోజూ రౌండ్స్‌లో ఆ మంచం దగ్గర ఆగడం, ఇవేవీ కాదనలేదు. రోజుకొకసారి, సాధించినట్టు కాకుండా, "ఇవాళ ఏమనిపిస్తోంది" అని అడగండి. ఇంటికి పోతానంటే లామా కాగితంతో పాటు పది రోజుల మందులు, డ్రెస్సింగ్ ఎలా మార్చాలో కోడలికి ఒకసారి చేసి చూపించడం, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురావాలో తెలుగులో రాసిన చీటీ, మీ యూనిట్ ఓపీ వారం ఏదో కూడా ఇవ్వండి. చీటీ మీద చివర "ఎప్పుడొచ్చినా చేర్చుకుంటాం" అని రాసి, అలా చేర్చుకోవాలని క్యాజువాలిటీలో ఉన్నవాళ్లకీ చెప్పి ఉంచండి.